నల్లబడిన కాలు, మానని చీలమండ పుండు: అపోహలు - వాస్తవాలు

ఆయన వయసు 54. హనుమకొండలో టిఫిన్ సెంటర్ నడుపుతాడు. పొద్దున 5 గంటల నుంచి 11 దాకా పెనం ముందు నిలబడే ఉంటాడు, సాయంత్రం మళ్లీ మూడు గంటలు. ఎడమ కాలు పిక్క మధ్య నుంచి చీలమండ దాకా తుప్పు పట్టిన ఇనుము రంగుకు తిరిగింది. లోపలివైపు చీలమండ ఎముకకు కొంచెం పైన 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు పుండు. లోతు లేదు, అంచులు వంకరటింకర, ఎప్పుడూ తడితడిగా ఉంటుంది. పద్నాలుగు నెలలుగా మానడం లేదు. "సారు, పుండు నొప్పి ఓర్చుకుంట గానీ ఈ దురదతోటి సస్తున్న, రాత్రి నిద్ర లేదు" అన్నాడు. చర్మవ్యాధుల డాక్టర్‌గా నేను రోజూ చూసే కాలే ఇది. ఆయన వెంట వచ్చిన అపోహలు కూడా నేను రోజూ వినేవే.

అపోహ: ఇది బోదకాలు.

ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు మింగించిన ప్రాంతం మనది. కాబట్టి కాలు వాచిందంటే మొదట ఆ మాటే వస్తుంది. ఆయన భార్య కూడా అదే భయంతో ఉంది. నేను ఆయన కాలి రెండో వేలు మొదట్లో పైచర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి చూపించాను. సన్నటి మడతగా లేచింది. ముదిరిన బోదకాలులో అక్కడి చర్మం మందమై అలా పట్టుకు రాదు, వేళ్లు, పాదం పైభాగం కూడా ఉబ్బుతాయి. ఈయనకు పాదం దాదాపు మామూలుగానే ఉంది. వాపంతా చీలమండ చుట్టూ, దాని పైన. లుంగీ పైకి తీస్తే పిక్క మీద మెలికలు తిరిగిన నరాలు కనబడ్డాయి. నరాలని మనం అలవాటుగా అంటాం, అవి సిరలు. వెరికోస్ వెయిన్స్ అని వినే ఉంటారు.

అపోహ: చెడు రక్తం చేరింది, అది తీసేస్తే తగ్గుతుంది.

రక్తం చెడిపోలేదు, పైకి పోలేక నిలిచిపోతోంది. నిలబడి ఉన్నప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 ఉంటుంది. బీపీ కొలిచే మెర్క్యురీ లెక్కే ఇది. నడిస్తే పిక్క కండరం పిండుతుంది, రక్తం పైకి ఎక్కుతుంది, సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. అప్పుడు ఒత్తిడి 30 దాకా దిగుతుంది. కవాటాలు పాడైన కాలిలో ఎంత నడిచినా అంతగా దిగదు. గంటల తరబడి కదలకుండా నిలబడేవాళ్లకు కండరం పిండే పని కూడా సరిగ్గా జరగదు. ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాల నుంచి నీరు, వాటితో పాటు ఎర్ర రక్తకణాలు చర్మంలోకి కారతాయి. ఆ కణాలు చితికి, వాటిలోని ఇనుము చర్మంలో దిగబడుతుంది. గోధుమ రంగు అదే. అందుకే నేను తుప్పు అన్నాను, అది వట్టి పోలిక కాదు. ఆ చర్మం ఎండి, పొలుసులు లేచి, దురద పెడుతుంది. గోకిన చోట పుండు పడుతుంది. జలగలు పెట్టినా, గాటు పెట్టి రక్తం తీసినా పాడైన కవాటం బాగుపడదు, కాలికి ఇంకో గాయం మిగులుతుంది.

అపోహ: మంచి ఆయింట్‌మెంట్ దొరికితే పుండు మానుతుంది.

ఆయన మీద నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. పుండు చుట్టూ ఎర్రగా, నీటి పొక్కులతో ఒక మచ్చ ఉంది. నాలుగు మూలలతో, సరిగ్గా గాజుగుడ్డ ముక్క ఆకారంలో. ఒళ్లు దానంతట అదే నలుచదరంగా ఎర్రబడదు. అది నియోమైసిన్ ఉన్న యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌కు వచ్చిన అలర్జీ. దురద పెరిగేకొద్దీ ఆయన ఇంకా మందంగా పూశాడు. సిరల వాపు ఉన్న చర్మానికి పూతమందులు త్వరగా పడకుండా పోతాయి. ఆకుల పసరు పూసినా అంతే.

అన్నీ ఆపించాను. ఉప్పునీళ్లతో కడగడం, అతుక్కోని సాదా డ్రెస్సింగ్, చుట్టూ చర్మానికి వ్యాసలిన్, దురద ఉన్న చోట మాత్రమే (పుండు లోపల కాదు) రెండు వారాలు స్టెరాయిడ్ పూత. పుండు తడిగా ఉందని యాంటీబయాటిక్ మాత్రలు అక్కర్లేదు. ఎర్రదనం రోజురోజుకీ పాకుతుంటే, జ్వరం, కొత్తగా నొప్పి ఉంటేనే వాటి పని.

అపోహ: గట్టిగా కడితే రక్తం ఆగిపోతుంది.

ఈ పుండుకు అసలు వైద్యం పూతమందు కాదు, నిలిచిన రక్తాన్ని పైకి నెట్టేలా కాలిని ఒత్తి పట్టే గట్టి కట్టు. ఆ మాట చెప్పగానే వచ్చే ఈ భయంలో సగం నిజం ఉంది, అందుకే కట్టే ముందు కొలవాలి. కాలికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి ఉంటే గట్టి కట్టు కాలినే తీసేయగలదు. చిన్న డాప్లర్ మిషన్‌తో చేతి బీపీ, చీలమండ బీపీ రెండూ చూస్తాం. ఆయనకు చేతికి 140, చీలమండకు 134. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.96. ఇది 0.8 పైన ఉంటే పూర్తి బలంతో కట్టవచ్చు. 0.5 కంటే తక్కువైతే కట్టు ముట్టుకోకూడదు, ముందు రక్తనాళాల సర్జన్ చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ అంకె 1.3 దాటి వస్తుంది. అది మంచి కాలు అని కాదు, కొలత నమ్మలేమని. గుండె బలహీనమై ఆయాసం ఉన్నవాళ్లకు కూడా ముందు గుండె సంగతి చూడాలి. ఇంట్లో ఒక గుర్తు చెప్తాను. కాలు పైకి పెడితే హాయిగా ఉంటే సిరల బాధ అనుకోవచ్చు. మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తేనే నొప్పి తగ్గుతుందంటే ధమని మీద అనుమానం, ముఖ్యంగా బీడీ తాగేవాళ్లకు.

కట్టే పద్ధతి ఇది. పాదాన్ని పిక్కకు లంబంగా పెట్టి, ముందు దూది పొర చుట్టాలి. ముంగాలి ఎముక మీద కొంచెం మందంగా, చీలమండ పక్క గుంతల్లో నిండుగా. ఆపైన బ్యాండేజ్ వేళ్ల మొదట్లో మొదలుపెట్టి, మడమను కలుపుకుని, ప్రతి చుట్టు ముందుదాన్ని సగం కప్పుతూ మోకాలికి రెండు వేళ్ల కింద ఆపాలి. లాగే బలం అంతటా ఒకటే ఉండాలి. సన్నటి చోట అదే లాగుడు ఎక్కువ ఒత్తుతుంది కాబట్టి చీలమండ దగ్గర 40 వచ్చి, పైకి పోయేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. చాలామంది చీలమండ నుంచి మొదలుపెడతారు, పాదం బూరెలా ఉబ్బుతుంది. ఇంకొందరు మామూలు క్రేప్ బ్యాండేజ్ ఒక్కటే చుడతారు, మధ్యాహ్నానికి అది వదులై జారిపోతుంది. కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పి పెరిగినా డాక్టర్ కోసం ఆగకుండా వెంటనే విప్పేయాలి.

మొదటి వారంలోనే ఆయన చీలమండ చుట్టుకొలత 27 నుంచి 24.5 సెంటీమీటర్లకు దిగింది. వాపు దిగితే కట్టు వదులవుతుంది, కాబట్టి మొదట్లో వారానికి రెండుసార్లు మార్చాం. నాలుగో వారానికి పుండు సగమైంది. ఈలోపు ఫిజీషియన్ ఆయన బీపీ మాత్ర మార్చారు. ఆమ్లోడిపిన్ కొందరికి రెండు కాళ్లలోనూ వాపు తెస్తుంది, మీ అంతట మీరు ఆపకండి, అడగండి. పుండు మానుతుందని పప్పు, గుడ్డు మానేయడం కూడా ఆపించాను. అవి తింటే చీము పడదు, తినకపోతేనే కొత్త చర్మం ఆలస్యమవుతుంది. పదిహేనో వారానికి పుండు పూర్తిగా మూసుకుంది. మూడు నెలలు సరిగ్గా కట్టినా చిన్నబడని పుండు, అంచు పైకి లేచిన పుండు అయితే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

అపోహ: పుండు మానింది, ఇక కట్టు అక్కర్లేదు.

కవాటం అలాగే ఉంది కదా. ఆయన కాలికి కొలత తీసి, కట్టులాగే కాలిని ఒత్తి పట్టే క్లాస్ 2 స్టాకింగ్ ఇచ్చాం. పొద్దున మంచం దిగకముందే, కాలు వాచకముందే వేసుకోవాలి, రాత్రి తీసేయాలి. మేలో మన ఎండకు అది వేసుకుని పెనం ముందు నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన రెండు వారాలు మానేశాడు, పాత చోటే మళ్లీ దురద, చిన్న పగులు. ఈసారి డాప్లర్ స్కాన్ చూసి పాడైన పెద్ద సిరను లేజర్‌తో మూయించుకున్నాడు. పుండు తిరిగి రావడం దానితో బాగా తగ్గుతుంది, పుండు ఉండగానే చేసినా త్వరగా మానుతుందని 2018లో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశోధన చూపించింది. స్టాకింగ్ మాత్రం మానలేదు. రెండు జతలు కొన్నాడు, ఒకటి కాలికి, ఒకటి దండెం మీద నీడలో. ఆరు నెలలకు సాగిపోతాయి కాబట్టి కొన్న తేదీ దుకాణం క్యాలెండర్ మీద రాసిపెట్టాడు. పెనం పక్కన ఒక స్టూల్ కూడా వచ్చింది. వాయికీ వాయికీ మధ్య దాని మీద కూర్చుని, మడమలు ఎత్తి దించుతుంటాడు.