డిటర్మినెంట్ సున్నా వస్తే సొల్యూషన్ లేనట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే హనుమకొండ జిరాక్స్ షాపుల దగ్గర "ఎం-వన్ షార్ట్ ట్రిక్స్" అని ఒక కాగితం తిరుగుతుంటుంది. వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే. అందులో ఒక లైను ఎవరు పుట్టించారో గానీ, ఏటా నా క్లాసులోకి వస్తూనే ఉంటుంది: "డిటర్మినెంట్ సున్నా అయితే నో సొల్యూషన్ అని రాసేయ్." పిల్లలు నిజంగానే రాసేస్తారు. పూర్తి మార్కులు రావాల్సిన లెక్క మొదటి స్టెప్పులోనే పోతుంది.

అపోహ: డిటర్మినెంట్ సున్నా అంటే సొల్యూషన్ లేదు.

సమీకరణాలను Ax = b అని రాస్తే, డిటర్మినెంట్ ఎడమవైపున్న మాట్రిక్స్ A గురించి మాత్రమే చెప్తుంది, కుడివైపున్న b సంగతి దానికి తెలియదు. అది సున్నా అయితే తేలేది ఒక్కటే: ఒకే ఒక్క సొల్యూషన్ అనే మాట ఇక లేదు. అసలు లేకపోవడమా, అనంతంగా ఉండటమా అన్నది b చేతిలో ఉంది. Ax = b అంటే A కాలమ్‌లను ఏయే పాళ్లలో కలిపితే b వస్తుంది అని అడగడమే. అలా కలిపితే వచ్చేవన్నీ కాలమ్ స్పేస్. b అందులో ఉంటే సొల్యూషన్ ఉంది, లేకపోతే లేదు.

నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక స్టూడెంట్‌కు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. వాళ్ల నాన్న మక్క వేస్తారని తెలిసి, ఎరువుల బస్తాల మీదికి దిగాను. యూరియా 46-0-0, డీఏపీ 18-46-0, మూడోది 28-28-0. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడు వరుసలు, బస్తాలు మూడు కాలమ్‌లు. డిటర్మినెంట్ సున్నా. "అయితే చేనుకు ఎరువు వేయలేమా?" అన్నాను. "ఎందుకు వేయలేం సార్, పొటాష్ అడగనంత వరకు ఎట్లయినా కలపొచ్చు" అన్నాడు. సరిగ్గా అదే. దాదాపు 61 కిలోల డీఏపీ, 37 కిలోల యూరియా కలిపితే 100 కిలోల 28-28-0లో ఉన్నంత నత్రజని, భాస్వరం వచ్చేస్తాయి. అంటే మూడో బస్తా కొత్తగా తెచ్చేదేమీ లేదు. పొటాష్ సున్నా అడిగితే కలిపే దారులు అనంతం. పొటాష్ ఒక్క కిలో అడిగినా ఏ దారీ లేదు. మాట్రిక్స్ అదే, డిటర్మినెంట్ అదే, మారింది b ఒక్కటే. (ఇక్కడ సొల్యూషన్ ఉందన్నంత మాత్రాన బస్తాల లెక్క మైనస్‌లో రాదని కాదు. కాలమ్ స్పేస్ ఆ పూచీ ఇవ్వదు. పొలంలో అది వేరుగా చూసుకోవాలి.)

బస్తాల్లో పొటాష్ వరుస మొత్తం సున్నా కాబట్టి షరతు చూడగానే కనిపించింది. మామూలు లెక్కల్లో అది దాక్కుని ఉంటుంది. ఈ మూడు సమీకరణాలు చూడండి:

```
 x + y + 2z = b1
2x + y + 3z = b2
 x - y      = b3
```

మూడో కాలమ్ మొదటి రెండింటి మొత్తం, కాబట్టి డిటర్మినెంట్ సున్నా. ఇప్పుడు b1, b2, b3లను అక్షరాలుగానే ఉంచి ఎలిమినేషన్ చేయండి. రెండో వరుసలోంచి మొదటిదాని రెట్టింపు, మూడో వరుసలోంచి మొదటిది తీసేస్తే 0, -1, -1 | b2 - 2b1 అని ఒకటి, 0, -2, -2 | b3 - b1 అని ఇంకొకటి మిగులుతాయి. ఈ రెండో దాంట్లోంచి మొదటిదాని రెట్టింపు తీసేస్తే ఎడమవైపు మొత్తం సున్నా. కుడివైపు 3b1 - 2b2 + b3 మిగులుతుంది. షరతు అదే: 3b1 - 2b2 + b3 = 0. ఇది పట్టుకుంటే ఎన్ని b లు ఇచ్చినా మళ్లీ ఎలిమినేషన్ అక్కర్లేదు.

b = (4, 7, 2) అయితే 12 - 14 + 2 = 0. సొల్యూషన్లు ఉన్నాయి: x = 3 - z, y = 1 - z, z మీ ఇష్టం. b = (4, 7, 3) అయితే 1 మిగిలింది, 0 = 1 అన్నట్టు. సొల్యూషన్ లేదు. పరీక్షలో రాసే "A ర్యాంకు, ఆగ్మెంటెడ్ మాట్రిక్స్ ర్యాంకు సమానం కావాలి" అనేదీ ఇదే మాట. b ముందున్న కాలమ్‌ల మిశ్రమమే అయితే దాన్ని పక్కన చేర్చినా ర్యాంకు పెరగదు. ఇక్కడ మొదటి b కి రెండు ర్యాంకులూ 2, రెండో b కి 2, 3.

అపోహ: ఎకెలాన్ రూపం వచ్చాక, అందులోని కాలమ్‌లతో b ని పోల్చి చూస్తే చాలు.

బాగా చదివే పిల్లలు పడేది ఈ గుంటలోనే. వరుసల మీద ఆపరేషన్లు చేస్తే సొల్యూషన్లు మారవు, కానీ కాలమ్ స్పేస్ మారిపోతుంది. పై లెక్కలో ఎకెలాన్ రూపంలో ప్రతి కాలమ్ కింద సున్నా ఉంది. వాటిని ఎలా కలిపినా మూడో అంకె సున్నాయే. అసలు b = (4, 7, 2)ను తెచ్చి దాని పక్కన పెడితే "2 రాదు, కాబట్టి సొల్యూషన్ లేదు" అనిపిస్తుంది. తప్పు. b కూడా అవే ఆపరేషన్లకు లోనై (4, -1, 0) అయి ఉండాలి. పివట్ ఏ కాలమ్‌లో ఉందో ఎకెలాన్ రూపంలో చూడండి, కాలమ్‌ను మాత్రం అసలు A లోంచే తీసుకోండి.

అపోహ: క్రామర్ పద్ధతిలో నాలుగు డిటర్మినెంట్లూ సున్నా అయితే అనంత సొల్యూషన్లు.

x + y + z = 1, x + y + z = 2, x + y + z = 3. నాలుగూ సున్నాలే. సొల్యూషన్ ఉందేమో మీరే చెప్పండి.

అపోహ: సమీకరణాలు తక్కువైతే అనంతం, ఎక్కువైతే శూన్యం.

పై మూడింట్లో మొదటి రెండే తీసుకోండి, తెలియనివి మూడున్నా సొల్యూషన్ లేదు. ఇక x + y = 2, x - y = 0, 2x + y = 3: సమీకరణాలు ఎక్కువే, అయినా x = y = 1 కుదిరింది. లెక్కపెట్టడం కాదు, చూడాలి.

అపోహ: కంప్యూటర్ జవాబు ఇచ్చిందంటే సొల్యూషన్ ఉన్నట్టే.

ప్రాజెక్టులు చేసే పిల్లలు టెన్షన్‌గా తెచ్చేది ఇది. "కోడ్ రన్ అయింది సార్, కానీ జవాబు సమీకరణంలో పెడితే సరిపోవట్లేదు" అంటారు. కంగారేం లేదు, కోడ్ తప్పు కాదు. పైథాన్ NumPy లోని lstsq ఎప్పుడూ ఏదో ఒక x ఇస్తుంది. b కాలమ్ స్పేస్‌లో లేకపోతే, అందులో b కి అతి దగ్గరున్న బిందువుకు జవాబు ఇస్తుంది. అది తిప్పి ఇచ్చే residuals చూద్దామంటే, మన A లాంటి తక్కువ ర్యాంకు మాట్రిక్స్‌కు అది ఖాళీగా వస్తుంది. అందుకే తేడా మీరే తీయాలి:

```python
import numpy as np
A = np.array([[1, 1, 2], [2, 1, 3], [1, -1, 0]])
b = np.array([4, 7, 2])
x = np.linalg.lstsq(A, b, rcond=None)[0]
print(b - A @ x)
```

b = (4, 7, 2)కు 1e-15 లాంటి అంకెలు వస్తాయి, అవి రౌండింగ్ చెత్త, సున్నా కిందే లెక్క. అందుకే == 0 అని పోల్చకండి, b సైజుతో పోలిస్తే ఎంత చిన్నదో చూడండి. b = (4, 7, 3)కు దాదాపు 0.214, -0.143, 0.071 వస్తాయి. ఆ మూడింటినీ 14తో గుణిస్తే 3, -2, 1. మనం చేత్తో కనుక్కున్న షరతులోని అంకెలే అవి.