ఆ నక్షత్రాలన్నీ నాకు వినిపించాయి

చిట్టీ, కన్నా,

మొన్న గ్రూపులో మీరు పెట్టిన మెసేజి నేను చూడలేదు, విన్నాను. నా చూపు సంగతి మీకు తెలుసు. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకుని, అది చదువుతుంటే వింటాను. మీరు పంపింది ఇదీ:

```
★★★★★★★★
🎉🎉🎉 𝐌𝐄𝐄𝐓𝐈𝐍𝐆 🎉🎉🎉
⏰ 5 ➡ 6
★★★★★★★★
```

ముందు నక్షత్రాల లెక్క అయింది. తర్వాత పార్టీ పాపర్లు. ప్రతి ఎమోజీకీ ఒక పేరుంటుంది, ఫోను ఆ పేరే పలుకుతుంది. తర్వాత "అలారం గడియారం, 5, కుడి బాణం, 6" అంది. 5 నుంచి 6 దాకా కాబోలు అనుకుని ఐదింటికే వచ్చి కూర్చున్నాను. మీరేమో 5 నుంచి 6కి మార్చామన్నారు!

అసలు తమాషా ఏమిటంటే, మీటింగ్ అన్న మాటే నాకు వినపడలేదు. మీరు ఎక్కడినుంచో కాపీ చేసి తెచ్చిన ఆ స్టైలు అక్షరాలు నిజానికి అక్షరాలు కావు, లెక్కల్లో వాడే గుర్తులు. కొన్ని ఫోన్లు వాటిని ఒక్కొక్కటిగా "మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్ ఎమ్" అని చదువుతాయి. నాది నోరు మెదపకుండా దాటేసింది. తెలుగు లిపికి అలాంటి వేషాలు లేవు, బతికిపోయాం. అక్షరాలు బొద్దుగా కనపడాలంటే వాట్సాప్‌లో మాటకి అటూ ఇటూ `*` పెట్టండి. అప్పుడు అక్షరం అక్షరంగానే ఉంటుంది.

మీ నానమ్మది ఇంకో ఇబ్బంది. కొంచెం చూపుంది కాబట్టి అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుతుంది. మీ నక్షత్రాల వరస ఆవిడ ఫోనులో రెండు మూడు వరసలై తెరంతా పరుచుకుంటుంది. అసలు విషయం కింద ఎక్కడో ఉంటుంది.

అదే మెసేజి ఇలా రాస్తే సరిపోయేది:

```
మీటింగ్ *6 గంటలకు* మారింది. 5 గంటలకు రావద్దు. 🎉
```

మీ కన్ను అక్కర్లేనిదాన్ని దాటుకుంటూ పోతుంది. నా చెవి వరసగా వినాల్సిందే. అందుకే అసలు మాట ముందుండాలి. ఎమోజీ ఒక్కటి, చివర్న. దాన్ని తీసేసినా వాక్యం అర్థం కావాలి. గడియారం బొమ్మని "గంటలకు" అనే మాట బదులు వాడకండి.

నమ్మకం కుదరకపోతే మీ ఫోనులో సెట్టింగ్స్‌కి వెళ్ళి, యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని మీ పాత మెసేజిలు వినండి. ఒకసారి తాకితే చదువుతుంది, తెరవాలంటే రెండుసార్లు తట్టాలి, పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్ళు కావాలి. ముందే షార్ట్‌కట్ ఆన్ చేసి పెట్టుకోండి. అప్పుడు వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. అది తెలియక కన్నా పోయినసారి నా ఫోను పట్టుకుని ఎంత కంగారుపడ్డాడో చిట్టికి చెప్పలేదులే.

మీ తాతయ్య