ప్రకటనలో 'గంటకు 600' అంటే ఎవరి గంట? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇంటి నుంచే తెలుగు ఆడియోను విని టైపు చేసే ట్రాన్స్‌క్రిప్షన్ పని చేస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు పని ఇస్తామనే ప్రకటన చదివేటప్పుడే మోసపోవడం చూసి బాధ కలిగి ఇది రాస్తున్నాను.

అపోహ: గంటకు 600 రూపాయలంటే, గంటసేపు కూర్చుంటే 600 వస్తాయి.

వాస్తవం: ఈ పనిలో గంట అంటే సాధారణంగా ఆడియో గంట, అంటే గంట నిడివి ఉన్న రికార్డింగు. ఒకే మనిషి స్పష్టంగా మాట్లాడిన గంట రికార్డింగుకు, చెయ్యి తిరిగినవారికి కూడా సుమారు నాలుగు గంటలు పడుతుంది. నాకు ఒకసారి పలమనేరు వైపు మామిడి రైతుల చర్చ వచ్చింది. ఆరుగురు ఒకరి మాటలో ఒకరు కల్పించుకుంటూ, మధ్యమధ్య తమిళ మాటలు కలుపుతూ మాట్లాడారు. పది నిమిషాల ఆడియో పూర్తి చేయడానికి నాకు 70 నిమిషాలు పట్టింది. ఆ లెక్కన ఆడియో గంటకు ఏడు గంటల పని, అంటే 600 రూపాయలు కాస్తా గంటకు 86 రూపాయలైంది. అందుచేత ఆడియోలో ఎంతమంది మాట్లాడుతున్నారు, ఎక్కడ రికార్డు చేశారు అన్న వివరం లేకుండా ధర మాత్రమే ఉన్న ప్రకటనను నేను అనుమానంగానే చూస్తాను.

అపోహ: 'టైమ్‌స్టాంపులు, ఇతర చిన్న పనులు' అన్నది మామూలు మాటే.

వాస్తవం: జీతం లేని పని ఎక్కువగా దాగేది ఈ వాక్యంలోనే. టైమ్‌స్టాంపు అంటే ఆ మాట ఆడియోలో ఏ సమయానికి వచ్చిందో రాసే గుర్తు. అది అయిదు నిమిషాలకు ఒకటా, మనిషి మారిన ప్రతిసారీనా అన్నదాన్ని బట్టే పని ఎంతో పెరుగుతుంది. పై రైతుల చర్చ ప్రకటనలో 'చిన్న పనులు' అని మాత్రమే ఉంది; పని సగంలో ఉండగా ఒక్కొక్కరు మాట్లాడిన ప్రతిదానికీ ఆంగ్ల సారాంశం కావాలన్నారు. అనువాదానికి వేరే ధర ఉంటుందని నేను ముందే రాయించుకోలేదు గనుక వాదించడానికి ఆధారం లేకపోయింది. 'క్లయింటు తృప్తి చెందేవరకు సవరణలు' అన్న మాట కూడా ఇలాంటిదే. సవరణలు ఎన్నిసార్లో, ఎన్ని రోజుల్లోనో అందులో ఉండదు.

అపోహ: దరఖాస్తు పెట్టినవారిని నమూనాగా కొంత పని ఉచితంగా చేసిమ్మంటే అది మోసమే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. అందరికీ ఒకే రెండు నిమిషాల ముక్క ఇస్తే అది పరీక్షే కావచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో పది నిమిషాల ముక్క ఇస్తే, ఆరుగురు అభ్యర్థుల చేత గంట ఆడియో ఉచితంగా పూర్తవుతుంది.

ఇప్పుడు దరఖాస్తు పెట్టే ముందు అయిదు నిమిషాల నమూనా ఆడియో అడిగి, దాన్ని గడియారం పెట్టుకుని టైపు చేసి, పట్టిన సమయాన్ని బట్టి నా ధర చెబుతున్నాను. నమూనా వినిపించడానికే ఇష్టపడనివారి పనిని నేను ఒప్పుకోవడం లేదు.