t ఎప్పుడూ సున్నా కన్నా పెద్దదే

4ˣ − 6·2ˣ − 16 = 0. ఇలాంటి సమీకరణం కనబడగానే చాలామంది చెయ్యి లాగరిథం వైపు వెళ్తుంది. x పైన ఘాతాంకంలో కూర్చుంది కాబట్టి, దాన్ని కిందికి దించడానికి లాగ్ తీసుకోవాలి అనుకుంటారు. 2ˣ = 7 లాంటి సమీకరణానికి ఆ దారి సరైనదే. ఇక్కడ మాత్రం అది రెండో అడుగులోనే ఆగిపోతుంది. లబ్ధానికి లాగ్ తీస్తే విడిపోతుంది, మొత్తానికో తేడాకో తీస్తే విడిపోదు. log(4ˣ − 6·2ˣ) ని రెండు ముక్కలు చేసే సూత్రమే లేదు. లేని సూత్రాన్ని ఉందనుకుని log 4ˣ − log(6·2ˣ) అని రాసేసినవాళ్లకు ఏదో ఒక జవాబు వస్తుంది, అది తప్పు జవాబు.

ఇక్కడ చూడాల్సింది రెండు ఘాతాల మధ్య ఉన్న చుట్టరికం. 4 అంటే 2², కాబట్టి 4ˣ అంటే (2²)ˣ. ఘాతాంకాలు గుణించుకుంటాయి, ఏ వరసలో గుణించినా ఒకటే. అంటే (2²)ˣ = (2ˣ)². సమీకరణంలో నిజానికి ఉన్నది ఒకే ఒక తెలియని రాశి 2ˣ, పక్కన దాని వర్గం. 2ˣ ని t అని పిలిస్తే

t² − 6t − 16 = 0

అవుతుంది. కారణాంకాలు (t − 8)(t + 2). కాబట్టి t = 8 లేదా t = −2.

లెక్క ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్లు కొందరు. మనల్ని అడిగింది t కాదు, x. వెనక్కి వెళ్లాలి. 2ˣ = 8 అయితే x = 3. అసలు సమీకరణంలో పెట్టి చూస్తే 64 − 48 − 16 = 0, సరిపోయింది. ఇక 2ˣ = −2 సంగతి. కొందరు తొందరలో x = −1 అని రాస్తారు, మైనస్ గుర్తు కిందినుంచి పైకి ఎక్కుతుందన్నట్టు. పెట్టి చూడండి: 0.25 − 3 − 16 = −18.75. సున్నాకు దగ్గర్లో కూడా లేదు. 2⁻¹ అంటే ½, −2 కాదు. x ని −10 చేసినా 2ˣ విలువ 1/1024 దాకా తగ్గుతుందే తప్ప సున్నాను తాకదు, దాటి కిందికి దిగదు. x వాస్తవ సంఖ్య అయినంతవరకు 2ˣ ధన సంఖ్యే. (సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్తే 2ˣ = −2 కి కూడా మూలాలు దొరుకుతాయి. మనం ఇక్కడ వాస్తవ సంఖ్యల్లోనే ఉంటున్నాం.) అందుకని t = −2 ని వదిలేయాలి. జవాబు ఒక్కటే, x = 3.

ఆ −2 ఎక్కడినుంచి వచ్చింది? మనం లెక్కలో తప్పేమీ చేయలేదు. t అని పేరు మార్చినప్పుడు, t అనేది ఒక ఘాతం అనే సమాచారం కాగితం మీదినుంచి జారిపోయింది. వర్గ సమీకరణానికి t ఏ వాస్తవ సంఖ్య అయినా ఒకటే, అది తన రెండు మూలాలనూ మన ముందు పెడుతుంది. కాబట్టి ప్రతిక్షేపణ రాసే వరసలోనే «2ˣ = t, t > 0» అని రాసుకోవడం మంచి అలవాటు. చివర్లో గుర్తు చేసుకుందాం అనుకుంటే మరిచిపోతాం.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, అదే ఎక్కువగా మార్కులు తినేది. 3²ˣ⁺¹ − 10·3ˣ + 3 = 0 తీసుకోండి. 3ˣ = t అంటే మొదటి పదం ఏమవుతుంది? 3²ˣ⁺¹ = 3²ˣ·3, అంటే 3t². ఘాతాంకంలో కూడిక, కింద గుణకారంగా మారుతుంది. కొందరు దీన్ని t² + 3 అంటారు, కొందరు 2x + 1 లో 2 ని 1 ని కలిపేసి t³ అంటారు. అనుమానం వస్తే x కి చిన్న విలువలు ఇచ్చి చూడండి. x = 1 పెడితే అసలు పదం 3³ = 27, t = 3. 3t² = 27 బాగానే ఉంది, కానీ t³ కూడా 27 అయి కూర్చుంది! x = 0 తోనూ చూస్తే బండారం బయటపడుతుంది: అసలు పదం 3, t = 1, 3t² = 3, t³ మాత్రం 1. ఒక్క విలువతో సరిచూసి వదిలేయకూడదనేది ఇందుకే.

సరే, 3t² − 10t + 3 = 0 నుంచి t = 3, t = 1/3 వస్తాయి. ఇక్కడే ఆ ఎదురు పొరపాటు. t = 1/3 నుంచి x = −1 వస్తుంది. రుణ సంఖ్య కనబడింది కదా అని దాన్ని కొట్టేస్తారు. నిబంధన t మీద ఉంది, x మీద లేదు. 1/3 ధన సంఖ్య, కాబట్టి x = −1 నిక్షేపంగా మూలమే. 3⁻¹ − 10/3 + 3 = 0 అని సరిచూడొచ్చు కూడా.

ఈ t > 0 అసలు బలం తెలిసేది సమీకరణంలో తెలియని గుణకం ఉన్నప్పుడు. పోటీ పరీక్షల్లో తరచు కనిపించే రకం ఇది: 4ˣ − 2m·2ˣ + m + 6 = 0 సమీకరణానికి రెండు వేర్వేరు వాస్తవ మూలాలు ఉండాలంటే m ఎంత ఉండాలి?

t పెడితే t² − 2mt + (m + 6) = 0. అలవాటుగా విచక్షణి రాస్తాం: 4m² − 4(m + 6) > 0, అంటే m² − m − 6 > 0, అంటే (m − 3)(m + 2) > 0. m < −2 లేదా m > 3. చాలామంది ఇక్కడే జవాబు గుర్తించేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అది t కి రెండు విలువలు ఉండటానికి షరతు. x కి రెండు విలువలు కావాలంటే ఆ రెండు t లూ ధన సంఖ్యలు కావాలి.

రెండు మూలాలూ ధనమో కాదో తెలుసుకోవడానికి వాటిని విడిగా కనుక్కోనక్కర్లేదు. వాటి మొత్తం 2m, లబ్ధం m + 6. రెండూ ధనం కావాలంటే మొత్తం ధనం, లబ్ధం ధనం. m > 3 అయితే రెండు షరతులూ వాటంతట అవే నెరవేరతాయి. m < −2 వైపు మొత్తం ఎప్పుడూ రుణమే, కాబట్టి రెండు ధన మూలాలు అసాధ్యం. జవాబు m > 3 మాత్రమే.

మిగిలిన m విలువల దగ్గర ఏం జరుగుతుందో చూస్తే ఇంకా బాగుంటుంది. m = 3 దగ్గర t² − 6t + 9 = 0, t = 3 రెండుసార్లు, x ఒక్కటే. −2 నుంచి 3 మధ్యలో t కే వాస్తవ మూలం లేదు. m = −2 నుంచి −6 దాకా (రెండు కొసలూ కలిపి) వాస్తవ t లు ఉన్నాయి, కానీ ఒక్కటీ ధనం కాదు. ఉదాహరణకు m = −3 అయితే t² + 6t + 3 = 0, రెండు మూలాలూ రుణమే. విచక్షణి ధనం అయినా x కి ఒక్క విలువా లేదు! m = −6 దగ్గర t² + 12t = 0, మూలాలు 0, −12. సున్నా కూడా పనికిరాదు, 2ˣ సున్నా కాదు కాబట్టి. m ఇంకొంచెం తగ్గి −6 దాటితే లబ్ధం రుణమవుతుంది, ఒక మూలం ధనం వైపుకి వస్తుంది, x కి సరిగ్గా ఒక విలువ పుడుతుంది. m = −7 తీసుకుంటే t² + 14t − 1 = 0, ధన మూలం −7 + √50, సుమారు 0.071. దానికి x సుమారు −3.81. విచక్షణి ఒక్కదాన్నే నమ్ముకుంటే m = −3 కీ m = −7 కీ తేడా కనబడదు.

లబ్ధం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. x మూలాల మొత్తం అడిగితే t మూలాల మొత్తం రాయకూడదు. t₁·t₂ = 2^(x₁ + x₂) కాబట్టి, x ల మొత్తాన్ని ఇచ్చేది t ల లబ్ధం. 4ˣ − 12·2ˣ + 32 = 0 లో లబ్ధం 32 = 2⁵, కాబట్టి x ల మొత్తం 5. మూలాలు 2, 3 అని విడిగా చూసినా అంతే. రెండు t లూ ధనమైనప్పుడే ఈ దారి చెల్లుతుంది.

ఇంతవరకు ఒకే భూమి, దాని వర్గం. ఇప్పుడు మూడు భూములు: 4ˣ + 6ˣ = 9ˣ. ఏది దేనికీ వర్గం కాదు. అయినా 4 = 2·2, 6 = 2·3, 9 = 3·3 అని రాసుకుంటే లోపలి అమరిక కనబడుతుంది. అన్నిటినీ 9ˣ తో భాగించండి. 9ˣ ఎన్నడూ సున్నా కాదు కాబట్టి భాగించడంలో భయం లేదు, ఏ మూలమూ పోదు. (4/9)ˣ + (6/9)ˣ = 1 వస్తుంది. 6/9 అంటే 2/3, 4/9 అంటే దాని వర్గం. (2/3)ˣ = u, u > 0 అనుకుంటే

u² + u − 1 = 0.

మూలాలు (−1 ± √5)/2. ఒకటి సుమారు 0.618, రెండోది −1.618. స్వర్ణ నిష్పత్తి అంకెలు ఇక్కడ తేలడం చూడముచ్చటగానే ఉంటుంది గానీ, రెండోది రుణం కాబట్టి పోతుంది. (2/3)ˣ = 0.618 కి ఇప్పుడు లాగ్ పనికొస్తుంది, ఎడమ పక్క ఒకే పదం మిగిలింది కాబట్టి: x = log 0.618 / log 0.6667, సుమారు 1.187. లవహారాలు రెండూ రుణమే, x ధనం. ఇక్కడ గుర్తు తప్పితే భూమి 1 కన్నా చిన్నదని మరిచిపోయినట్టే.

ఏ మూడు భూములకైనా ఇది పనిచేస్తుందా అంటే, లేదు. మధ్య సంఖ్య వర్గం, అటూ ఇటూ ఉన్న రెండిటి లబ్ధానికి సమానం కావాలి, అంటే మూడూ గుణశ్రేఢిలో ఉండాలి. 6² = 36 = 4·9 కాబట్టి ఇక్కడ కుదిరింది. 4ˣ + 5ˣ = 6ˣ అయితే 5² = 25, 4·6 = 24. ఒక్కటంటే ఒక్కటి తేడా, అయినా వర్గ సమీకరణం చిక్కదు. దానికీ మూలం ఉంది: x = 2 దగ్గర 41, 36 కన్నా ఎక్కువ, x = 3 దగ్గర 189, 216 కన్నా తక్కువ, కాబట్టి 2 కీ 3 కీ మధ్యలో ఎక్కడో ఉంది. దాన్ని మాత్రం అంచనా వేస్తూ, ఆ అంతరాన్ని సగం సగం చేసుకుంటూ దగ్గరకు చేరాల్సిందే.