పక్కపక్కనే పడిన పంచ్‌లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇద్దరి హాజరు పంచ్‌లు రోజూ కొద్ది సెకన్ల తేడాతో పడుతుంటే ఒకరి కార్డు మరొకరు కొడుతున్నట్టే.

వాస్తవం: హాజరు రికార్డులు చూసేవాళ్లు ముందుగా బోల్తా పడేది ఇక్కడే. ఒకే బండి మీద వచ్చేవాళ్ల పంచ్‌లు కూడా అలాగే పడతాయి. ఒకసారి నా ముందుకు రెండు జంటల లెక్క వచ్చింది. నెలలో 22 పనిదినాలు. మొదటి జంటకు 19 రోజులు, రెండో జంటకు 17 రోజులు ఉదయం తేడా 10 సెకన్ల లోపే. మా మేనేజర్ మొదటి జంట మీదే వేలు పెట్టాడు.

నేను సెలవు రోజులు తీశాను. మొదటి జంటలో ఒకరు రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ రెండో మనిషి పంచ్ మామూలు టైముకే పడింది. రెండో జంటలో ఒకాయన మూడు రోజులు సెలవు పెడితే, ఆ మూడు రోజులూ అవతలి వ్యక్తికి ఉదయం పంచే లేదు. మూడుసార్లూ "పంచ్ మర్చిపోయాను, సరిచేయండి" అని అర్జీ ఉంది. మిగతా రోజుల్లో పంచ్ 9:01 ప్రాంతంలో ఉంటే, ఆ అవతలి వ్యక్తి కంప్యూటర్‌లో లాగిన్ అయింది 9:40 దాటాకే.

ఇంత దొరికినా నేను అడిగింది ఒక్కటే, అదీ ఆయనొక్కడినే కూర్చోబెట్టి: "ఉదయం రాగానే ముందు ఏ పని చూస్తారు?" కాసేపు తటపటాయించి చెప్పేశాడు. పిల్లాణ్ణి బడిలో దింపి వస్తానంటే సూపర్‌వైజర్ నోటిమాటగా సరేనన్నాడట. కార్డు మాత్రం స్నేహితుడికి ఇచ్చాడు. అది తప్పే, ఇద్దరికీ గట్టిగానే చెప్పాం. షిఫ్ట్ టైము మాత్రం 9:45కి మార్చి కాగితం మీద పెట్టించాం.

అపోహ: వేలిముద్ర మెషిన్ పెడితే ఈ గొడవే ఉండదు.

వాస్తవం: చేతిపని చేసేవాళ్ల వేలిగీతలు అరిగిపోతాయి, మెషిన్ తీసుకోదు. అప్పుడు పిన్ నొక్కుతారు, పిన్ ఎవరైనా నొక్కొచ్చు. చాలా మెషిన్ల లాగ్‌లో పంచ్ ఏ పద్ధతిలో పడిందో ఒక కాలమ్ ఉంటుంది. దాన్ని బట్టి పిన్ ఎక్కువ వాడినవాళ్ల లిస్టు తీసి దొంగల లిస్టు అనుకోకండి. ముందు వేరే వేలితో మళ్లీ ఎన్‌రోల్ చేయించండి. వేలు బాగా పనిచేస్తున్నా కొన్ని రోజులు మాత్రమే పిన్ పడుతుంటే, అప్పుడు ఆ రోజులు చూడాలి.

అపోహ: ఒకే ఐపీ అడ్రస్ నుంచి పది లాగిన్లు వస్తే పాస్‌వర్డ్ పంచుకున్నట్టే.

వాస్తవం: ఆఫీసులోని కంప్యూటర్లన్నీ బయటికి ఒకే అడ్రస్‌తో కనిపించడం మామూలే. పనికొచ్చే గుర్తు వేరు: ఒకే లాగిన్ ఒకే సమయంలో రెండు కంప్యూటర్ల మీద నడవడం. అది కనిపించినా ముందు ఆ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎవరో చూడండి. వాళ్లు చేరిన తేదీ పక్కన, వాళ్లకు ఖాతా తెరిచిన తేదీ పెట్టి చూడండి. మధ్యలో రెండు వారాలుంటే ఆ రోజుల్లో వాళ్లు ఎవరి లాగిన్‌తో పనిచేశారన్న ప్రశ్న ముందు ఐటీ వాళ్లకు వెళ్లాలి.