మోడెమ్ ఛానెల్ వెతుకుతూనే ఉందా? ముందు స్ప్లిటర్‌ని పక్కన పెట్టి చూడండి

కేబుల్ మోడెమ్ ఆన్ అవ్వగానే చేసే మొదటి పని డౌన్‌స్ట్రీమ్ ఛానెల్, అంటే కంపెనీ నుంచి మన ఇంటివైపు డేటా వచ్చే ఛానెల్, పట్టుకోవడం. వైర్లో వచ్చే ఫ్రీక్వెన్సీలన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ పోతుంది, డేటా సిగ్నల్ దొరికితే లాక్ అవుతుంది, దొరక్కపోతే మళ్లీ మొదటికొస్తుంది. మోడెమ్ మీద డౌన్‌స్ట్రీమ్ లైట్ గంటసేపు బ్లింక్ అవుతూనే ఉంటే మోడెమ్ పోయిందనుకుంటాం గానీ చాలాసార్లు దానిదాకా సిగ్నలే సరిగ్గా రావట్లేదు.

మా ఇంట్లో అదే అయింది. ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ తీసేసి, గోడలోంచి వచ్చే కేబుల్‌ని నేరుగా మోడెమ్‌కి బిగిస్తే రెండు నిమిషాల్లో లాక్ అయింది. బ్రౌజర్‌లో `192.168.100.1` కొడితే (చాలా మోడెమ్‌లకి ఇదే అడ్రస్) సిగ్నల్ పేజీ వచ్చింది, డౌన్‌స్ట్రీమ్ పవర్ `+1 dBmV` ఉంది. ఇక్కడ సున్నా అంటే సిగ్నల్ లేదని కాదు, ఒక మిల్లీవోల్ట్ ఉందని, అందుకే మైనస్ కనిపించినా కంగారు పడక్కర్లేదు. -7 నుంచి +7 మధ్య ఉంటే హాయి, -15 దాటి కిందకి పోతే మోడెమ్‌కి కష్టం.

రెండు దారుల స్ప్లిటర్ సిగ్నల్‌ని సగం సగం పంచుతుంది కాబట్టి బాగున్నదైనా ఒక్కో పోర్ట్‌లో సుమారు 3.5 డీబీ తగ్గాలి, అంటే నాకు -2.5 రావాలి. స్ప్లిటర్ మళ్లీ పెట్టి చూస్తే లాక్ అయ్యీ అవ్వనట్టు ఊగుతూ -16.5 చూపించింది. రావాల్సినదానికన్నా 14 డీబీ తక్కువ, పవర్ లెక్కలో ఇరవై ఐదో వంతు! అదే కేబుల్‌ని రెండో పోర్ట్‌కి మారిస్తే -3. కేబుల్ తప్పు కాదు, కనెక్టర్ తప్పు కాదు, ఆ ఒక్క పోర్టే పోయింది, లోపలికి తొంగిచూస్తే కాంటాక్ట్ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది.

లూజ్ కనెక్టర్ అయితే ఇంత నిలకడగా చెప్పదు. పేజీ రిఫ్రెష్ చేస్తూ కనెక్టర్ దగ్గర కేబుల్‌ని మెల్లగా కదిపితే అంకెలు ఎగిరెగిరి పడతాయి. ఇంకో గుర్తు ఉంది, నాకు చాలా ఇష్టమైంది. మధ్య రాగి తీగ సరిగ్గా తగలకపోతే ఆ చిన్న సందు కెపాసిటర్‌లా పనిచేస్తుంది, దాంతో పై ఫ్రీక్వెన్సీలు కొంతవరకు దాటిపోతాయి, కిందవి ఎక్కువ పడిపోతాయి. పొడవాటి కేబుల్లో మామూలుగా జరిగేది దీనికి రివర్స్, పైవే ఎక్కువ తగ్గుతాయి. అందుకే ఛానెళ్ల పట్టికలో కింద ఫ్రీక్వెన్సీలే నీరసంగా ఉంటే కనెక్టర్ విప్పి, రాగి తీగ అంచు దాటి బయటికొచ్చిందా, నల్లబడిందా చూసి, కదలకుండా బిగించండి.

స్ప్లిటర్ లేకుండా నేరుగా పెట్టినా, కనెక్టర్లు గట్టిగా ఉన్నా, అప్పటికీ లాక్ అవ్వకపోతే తప్పు గోడ అవతల లైన్లో ఉండొచ్చు, లేదా మోడెమ్‌లోనే, అప్పుడు కేబుల్ వాళ్లని మీటర్ తీసుకుని రమ్మనాల్సిందే.