వీపీఎన్ ఆన్ చేస్తే ప్రింటర్ ఎందుకు ఆగిపోతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రింటర్ డ్రైవర్ పాడైంది, తీసేసి మళ్లీ వేయాలి.

వాస్తవం: వీపీఎన్ ఆపగానే ప్రింట్ వస్తోందంటే డ్రైవర్ బాగానే ఉన్నట్టు. వీపీఎన్ మీ కంప్యూటర్ నుంచి తన సర్వర్ దాకా వేసే రహస్య దారిని టన్నెల్ అంటారు. చాలా వీపీఎన్ యాప్‌లు ఈ టన్నెల్ బయటికి ఒక్క ప్యాకెట్ కూడా పోకుండా ఫైర్‌వాల్‌తో అడ్డుకుంటాయి. పక్క గదిలోని ప్రింటర్ కూడా వాటి లెక్కలో టన్నెల్ బయటిదే. ఫైళ్లు షేర్ చేసే కంప్యూటర్‌దీ అదే పరిస్థితి.

ఇంట్లోనే ఆఫీసు నడిపే ఒక ఆడిటర్ గారు ఈ సమస్యతో రెండుసార్లు డ్రైవర్ మార్చి, చివరికి నన్ను పిలిచారు. ప్రింటర్ అడ్రస్ 192.168.1.50, అది ప్రింట్ పనులు అందుకునే పోర్ట్ 9100. విండోస్ పవర్‌షెల్‌లో ఇది కొట్టాను:

```
Test-NetConnection 192.168.1.50 -Port 9100
```

వీపీఎన్ ఆపి చూస్తే TcpTestSucceeded దగ్గర True, ఆన్ చేస్తే False. కారణం ఎక్కడుందో దాంతో తేలిపోయింది. ఫైల్ షేర్ అయితే 9100 బదులు 445 పెట్టి చూడాలి.

ఆయన యాప్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్‌ను అనుమతించే ఆప్షన్ ఉంది. కొన్ని యాప్‌లలో ఇది Allow LAN అని, కొన్నిట్లో Local network sharing అని కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి వీపీఎన్ మళ్లీ కలిపితే True వచ్చింది. అయినా ప్రింట్ రాలేదు! కంప్యూటర్ ఆ ప్రింటర్‌ను దాని పేరుతో వెతుకుతోంది, వీపీఎన్ ఉండగా ఆ పేరుకు అడ్రస్ దొరకడం లేదు. ప్రింటర్‌ను Standard TCP/IP Port ద్వారా నేరుగా ఐపీ అడ్రస్‌తో జోడించాక పేజీ వచ్చింది. ఆ అడ్రస్ రేపు మారిపోకుండా రౌటర్‌లో రిజర్వ్ చేశాను. ఈ పని మరిచిపోతే కొన్నాళ్లకు మళ్లీ అదే టెన్షన్.

అపోహ: ఎంచుకున్న యాప్‌లను టన్నెల్ బయట నడిపే స్ప్లిట్ టన్నెలింగ్‌లో వర్డ్‌ను వీపీఎన్ నుంచి మినహాయిస్తే చాలు.

వాస్తవం: విండోస్‌లో ప్రింట్ పంపేది వర్డ్ కాదు, స్పూలర్ అనే వేరే సర్వీసు. అందుకే చాలామందికి ఈ చిట్కా పనిచేయదు.

అపోహ: లోకల్ నెట్‌వర్క్‌ను అనుమతించే ఆప్షన్ ఆన్ చేస్తే వీపీఎన్ ఉన్నా లేనట్టే.

వాస్తవం: మీ బ్రౌజింగ్ టన్నెల్‌లోనే పోతుంది. ఇంట్లోని 192.168 లాంటి ప్రైవేటు అడ్రస్‌లకు వెళ్లేది మాత్రమే బయట నడుస్తుంది. అయితే హోటల్, స్టేషన్ వైఫైలో దీన్ని తప్పకుండా ఆపండి. అక్కడ లోకల్ నెట్‌వర్క్ అంటే ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు. 2023లో బయటపడ్డ టన్నెల్‌క్రాక్ లోపాల్లో ఒకటి ఇక్కడిదే: మోసపు వైఫై బయటి వెబ్‌సైట్ల అడ్రస్‌లనే లోకల్ అని నమ్మించి, ఆ ట్రాఫిక్‌ను టన్నెల్ బయటికి లాగగలదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ ఆప్షన్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే, దాన్ని మూసింది మీ ఐటీ వాళ్లే. వాళ్లనే అడగాలి. ఈలోగా యూఎస్‌బీ కేబుల్ పెడితే ప్రింట్ వస్తుంది, ఆ దారికి నెట్‌వర్క్‌తో పనిలేదు.